బ్యాంకు లేఖను మనమే లెక్కగడదాం – మూడో పాఠం: టీడీఎస్ కోత తర్వాత ఎఫ్‌డీ మెచ్యూరిటీ

మొదటి పాఠంలో బ్యాంకు లేఖలోని వడ్డీ రేటును త్రైమాసిక రేటుగా మార్చడం నేర్చుకున్నాం. రెండో పాఠంలో మూడు నెలలకోసారి వడ్డీని అసలుకు కలుపుతూ చక్రవడ్డీ కట్టడం చూశాం. ఆ రెండూ తెలిసినవారికి లేఖలో అచ్చయిన మెచ్యూరిటీ మొత్తం సరైనదో కాదో చెప్పడం కష్టం కాదు. అయితే గడువు తీరిన రోజున ఖాతాలో పడే డబ్బు ఆ మొత్తం కంటే తక్కువగా ఉండి, ఎందుకు తగ్గిందో కౌంటరులో ఎవరూ వివరంగా చెప్పకపోవడం చాలామందికి ఎదురయ్యే అనుభవం. లేఖలోని అంకె టీడీఎస్ అనే పన్ను కోతకు ముందుది. చేతికి వచ్చేది కోత తర్వాతది. ఈ రెండింటి మధ్య తేడాను రూపాయి వరకు లెక్కగట్టడమే ఈ పాఠం.

ఉదాహరణకు ఒక లేఖను ఊహించుకుందాం. విజయవాడలో ఉండే 52 ఏళ్ల ఉపాధ్యాయిని ఒకరు 2023 జులై 1న రూ.10,00,000 ఫిక్సెడ్ డిపాజిట్ చేశారు. గడువు రెండేళ్లు, వడ్డీ ఏడాదికి 7 శాతం, వడ్డీ మొత్తం గడువు తీరాకే చెల్లింపు, మెచ్యూరిటీ తేదీ 2025 జులై 1, మెచ్యూరిటీ మొత్తం రూ.11,48,882. అడుగున చిన్న అక్షరాలతో ‘మెచ్యూరిటీ మొత్తం టీడీఎస్‌కు లోబడి ఉంటుంది’ అన్న ఒక్క వాక్యం ఉంది. ఆవిడకు పాన్ ఉంది, అది బ్యాంకు రికార్డుల్లో నమోదైంది. అదే బ్యాంకులో వేరే డిపాజిట్లు లేవు. పన్ను పడేంత ఆదాయం లేదు, కోత వద్దని బ్యాంకుకు రాసిచ్చే 15జీ ఫారం ఇవ్వలేదు.

ముందుగా లేఖను సరిచూడడం

పన్ను జోలికి వెళ్లే ముందు లేఖలోని అంకె చక్రవడ్డీ ప్రకారం సరిపోతుందో లేదో తేల్చుకోవాలి, ఎందుకంటే పునాది అంకె తప్పయితే తర్వాతి లెక్కంతా తప్పే అవుతుంది. ఏడాదికి 7 శాతం అంటే త్రైమాసికానికి 1.75 శాతం. రెండేళ్లలో ఎనిమిది త్రైమాసికాలు. కాబట్టి 1.0175ను ఎనిమిది సార్లు గుణించాలి. మామూలు క్యాలిక్యులేటర్‌తో చేసేవారికి ఒక సులువు ఉంది: 1.0175ను దానితోనే గుణిస్తే 1.03530625 వస్తుంది, దాన్ని మళ్లీ దానితోనే గుణిస్తే 1.071859, ఆ వచ్చినదాన్ని ఇంకోసారి దానితోనే గుణిస్తే 1.148882. మూడు గుణకారాలతో ఎనిమిదో ఘాతం వచ్చేసింది. దీన్ని పది లక్షలతో హెచ్చవేస్తే రూ.11,48,882. స్ప్రెడ్‌షీట్ వాడేవారు ఇలా రాస్తే చాలు:

```
=ROUND(1000000*(1+7/400)^8, 0)
```

లేఖలోని అంకె దీనితో సరిపోయింది. సరిపోకపోతే ఏం చేయాలన్నది కూడా ఇక్కడే చెప్పుకోవాలి. వడ్డీని ఎన్నాళ్లకోసారి అసలుకు కలిపారన్నది మెచ్యూరిటీ అంకె చూసి చెప్పేయవచ్చు. ఇదే అసలుకు, ఇదే రేటుకు రూ.11,40,000 కనిపిస్తే అది బారువడ్డీ. రూ.11,44,900 అయితే ఏడాదికోసారి కలిపారు. రూ.11,47,523 అయితే ఆరు నెలలకోసారి, రూ.11,49,806 అయితే నెలనెలా కలిపినట్టు. కొత్త లేఖ చేతికి వచ్చినప్పుడల్లా ఈ లెక్కలు వేసి పక్కన రాసి పెట్టుకోవడం మంచి అలవాటు. అంకె తేడాగా ఉన్నప్పుడు ‘లెక్క తప్పింది’ అని బ్యాంకుకు వెళ్లడం కంటే ‘మీరు ఏడాదికోసారి కలిపినట్టున్నారు, లేఖలో మాత్రం త్రైమాసికమని ఉంది’ అని వెళ్లడం వేరు. రెండో మాటకు సమాధానం చెప్పక తప్పదు.

కొన్ని లేఖల్లో, మరీ ముఖ్యంగా ప్రచార పత్రాల్లో, 7 శాతం పక్కనే 7.44 శాతం ‘వార్షిక రాబడి’ అని ఇంకో అంకె కనిపిస్తుంది. మొత్తం వడ్డీ రూ.1,48,882ను రెండేళ్లకు సమానంగా పంచి, అసలుతో భాగిస్తే వచ్చే అంకె అది. గడువు పెరిగే కొద్దీ ఆ అంకె కూడా పెరుగుతుంది. ఇదే 7 శాతాన్ని ఐదేళ్లకు లెక్కిస్తే అది 8.3 శాతం దాకా పోతుంది. బ్యాంకు మీకు ఎక్కువ వడ్డీ ఇచ్చినందువల్ల కాదు, చక్రవడ్డీని బారువడ్డీలా చూపినందువల్ల. నిజంగా ఏడాదికి వచ్చే పెరుగుదల 7.186 శాతమే. రెండు బ్యాంకుల డిపాజిట్లను పోల్చేటప్పుడు ఈ ‘రాబడి’ అంకెను పూర్తిగా పక్కన పెట్టమని నా సలహా.

కోత ఎప్పుడు, దేని మీద

ఆదాయపు పన్ను చట్టం 1961లోని 194ఏ సెక్షన్ ప్రకారం డిపాజిట్ వడ్డీ ఒక ఆర్థిక సంవత్సరంలో నిర్ణీత పరిమితి దాటితే బ్యాంకు అందులో 10 శాతం మినహాయించి ప్రభుత్వానికి జమ చేయాలి. పాన్ లేకపోతే ఆ కోత 20 శాతం. 60 ఏళ్లలోపువారికి ఆ పరిమితి 2025 మార్చి 31 వరకు రూ.40,000 ఉండేది, 2025 ఏప్రిల్ 1 నుంచి రూ.50,000 అయింది. సీనియర్ సిటిజన్లకు అంతకుముందు రూ.50,000 ఉండగా అదే తేదీ నుంచి రూ.1,00,000 చేశారు. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి రావడంతో సెక్షన్ల సంఖ్యలు మారాయి గానీ, మనం చూస్తున్న డిపాజిట్ కాలమంతా పాత చట్టం కిందికే వస్తుంది.

ఇక్కడ మూడు సంగతులు సరిగ్గా పట్టుకోకపోతే లెక్క తప్పుతుంది. మొదటిది, పరిమితి దాటితే కోత దాటిన భాగం మీద మాత్రమే కాదు, మొత్తం వడ్డీ మీద. పరిమితి రూ.40,000 ఉన్న కాలంలో వడ్డీ రూ.39,900 వస్తే కోత సున్నా, రూ.40,100 వస్తే కోత రూ.4,010. రెండోది, సంవత్సరం అంటే డిపాజిట్ మొదలైన రోజు నుంచి లెక్కించే సంవత్సరం కాదు, ఏప్రిల్ నుంచి మార్చి వరకు ఉండే ఆర్థిక సంవత్సరం. మన రెండేళ్ల డిపాజిట్ నిజానికి మూడు ఆర్థిక సంవత్సరాల మీద పరుచుకుని ఉంది: 2023–24లో మూడు త్రైమాసికాలు, 2024–25లో నాలుగు, 2025–26లో ఒక్కటి. పరిమితిని మూడుచోట్లా విడివిడిగా చూడాలి. మూడోది, పరిమితి ఒక్కో రసీదుకు కాదు. కోర్ బ్యాంకింగ్ ఉన్న బ్యాంకులో ఒకే కస్టమర్ ఐడీ కింద ఏ శాఖలో ఎన్ని డిపాజిట్లు ఉన్నా వాటన్నింటి వడ్డీని కలిపి చూస్తారు. డిపాజిట్‌ను నాలుగు ముక్కలు చేసి నాలుగు శాఖల్లో వేస్తే కోత తప్పుతుందన్న మాట ఇంకా అక్కడక్కడ వినిపిస్తోంది. అందువల్ల లాభం లేదు.

వడ్డీ గడువు చివర్లో కదా చేతికి వస్తుంది, మధ్యలో కోత ఎలా వేస్తారని చాలామంది అడుగుతారు. వడ్డీ మన చేతికి రాకపోయినా, బ్యాంకు దాన్ని మన పేరిట లెక్కలో రాసుకున్నప్పుడే జమ అయినట్టు చట్టం భావిస్తుంది. త్రైమాసికం ముగిసినప్పుడు వడ్డీ డిపాజిట్‌కు కలుస్తుంది, ఆ కలిసిన రోజే కోత కూడా పడుతుంది. త్రైమాసికం సరిగ్గా మార్చితో ముగియకపోయినా, మార్చి 31 నాటికి పోగైన వడ్డీని లెక్కగట్టి ఆ ఏడాది కోతను ఆ రోజే ముగిస్తారు. ఆగస్టు 12న డిపాజిట్ చేసినవారి స్టేట్‌మెంట్‌లో మార్చి 31 తేదీతో ఒక విడి టీడీఎస్ పద్దు కనిపించడానికి కారణం ఇదే. మన ఉదాహరణలో జులై 1 తేదీని కావాలనే తీసుకున్నాను, దానివల్ల త్రైమాసికాలు సెప్టెంబరు, డిసెంబరు, మార్చి, జూన్ నెలాఖరులతో సరిగ్గా కలుస్తాయి.

కోతను డిపాజిట్‌లోంచే తీసుకుంటే

టీడీఎస్ సొమ్మును ఎక్కడి నుంచి తీసుకుంటారన్నది ఈ పాఠంలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న, లేఖల్లో సాధారణంగా స్పష్టంగా కనిపించనిదీ ఇదే. కొన్ని బ్యాంకులు కోతను డిపాజిట్ నిల్వలోంచే తీసేస్తాయి. కొన్ని బ్యాంకుల్లో అనుసంధానించిన సేవింగ్స్ ఖాతా నుంచి తీసుకునే ఏర్పాటు ఉంటుంది. డిపాజిట్‌లోంచే తీస్తే తర్వాతి త్రైమాసికానికి వడ్డీ కట్టే నిల్వ తగ్గుతుంది, కాబట్టి పన్నుతో పాటు ఆ పన్ను మీద రావాల్సిన వడ్డీ కూడా పోతుంది.

మొదటి త్రైమాసికం దగ్గర నిదానంగా చూద్దాం. పది లక్షల మీద 1.75 శాతం అంటే వడ్డీ రూ.17,500. కోత 10 శాతం, రూ.1,750. మిగిలిన రూ.15,750 అసలుకు కలిసి నిల్వ రూ.10,15,750 అయింది. లేఖ వేసిన లెక్కలో ఈ సమయానికి నిల్వ రూ.10,17,500 ఉండాలి. రెండో త్రైమాసికపు వడ్డీ ఈ తగ్గిన నిల్వ మీద కట్టాలి: 10,15,750 మీద 1.75 శాతం అంటే రూ.17,775.63. లేఖ లెక్కలో ఇది రూ.17,806.25. ఇక్కడే రూ.30.62 తేడా వచ్చింది. ఇది మొదటి కోత రూ.1,750 మీద మూడు నెలల వడ్డీయే తప్ప మరొకటి కాదు. ప్రతి త్రైమాసికంలోనూ ఈ తేడా పెరుగుతూ పోతుంది.

ఇప్పుడు పరిమితులు చూడాలి. 2023–24లో మూడు త్రైమాసికాల వడ్డీ రూ.53,331, అప్పటి పరిమితి రూ.40,000 దాటింది, కోత ఉంటుంది. 2024–25లో నాలుగు త్రైమాసికాల వడ్డీ రూ.75,111, కోత ఉంటుంది. 2025–26లో ఒక్క త్రైమాసికపు వడ్డీ దాదాపు రూ.19,523, పరిమితి రూ.50,000, ఈ బ్యాంకులో వేరే డిపాజిట్ లేదు. అందువల్ల చివరి త్రైమాసికంలో కోత లేదు. కోత ఉన్న త్రైమాసికంలో నిల్వ 1.75కు బదులు అందులో పదో వంతు పోగా 1.575 శాతం పెరుగుతుందని గుర్తుంచుకుంటే లెక్క సాఫీగా సాగుతుంది. పట్టికలో పైసలను వదిలేసి రూపాయలకు సరిచేసి రాశాను. లెక్కలో మాత్రం పైసలు ఉంచాలి, లేకపోతే చివర్లో ఒకటి రెండు రూపాయల తేడా వస్తుంది.

| త్రైమాసికం ముగింపు | వడ్డీ | కోత | నిల్వ |
|---|---|---|---|
| సెప్టెంబరు 2023 | 17,500 | 1,750 | 10,15,750 |
| డిసెంబరు 2023 | 17,776 | 1,778 | 10,31,748 |
| మార్చి 2024 | 18,056 | 1,806 | 10,47,998 |
| జూన్ 2024 | 18,340 | 1,834 | 10,64,504 |
| సెప్టెంబరు 2024 | 18,629 | 1,863 | 10,81,270 |
| డిసెంబరు 2024 | 18,922 | 1,892 | 10,98,300 |
| మార్చి 2025 | 19,220 | 1,922 | 11,15,598 |
| జూన్ 2025 | 19,523 | 0 | 11,35,121 |

అంటే గడువు తీరిన రోజున ఆవిడ ఖాతాలో పడాల్సింది రూ.11,35,121. లేఖలో ఉన్నదానికి ఇది రూ.13,761 తక్కువ. అందులో రూ.12,844 ప్రభుత్వానికి వెళ్లిన పన్ను, మిగిలిన దాదాపు రూ.916 కోత వల్ల రాకుండా పోయిన వడ్డీ. ఈ రెండు భాగాలను విడదీసి చూడడం ఎందుకంటే, మొదటిది రిటర్నులో మన లెక్కలోకి తిరిగి వస్తుంది, రెండోది ఎక్కడా తిరిగి రాదు. స్ప్రెడ్‌షీట్‌లో ఒకే వరుసలో వేయాలంటే ఏడు త్రైమాసికాలు 1.575 శాతంతో, ఒకటి 1.75 శాతంతో:

```
=1000000*(1+0.0175*0.9)^7*(1+0.0175)
```

చాలామంది చేసే పని ఇలా ఉండదు. లేఖలోని మొత్తం వడ్డీ రూ.1,48,882లో పది శాతం, అంటే రూ.14,888 తీసేసి, చేతికి రూ.11,33,994 వస్తుందనుకుంటారు. ఈ పద్ధతిలో రెండు తప్పులున్నాయి, అవి ఒకదానికొకటి ఎదురు దిశలో పనిచేస్తాయి. చివరి త్రైమాసికానికి లేని కోతను కూడా ఇది వేస్తుంది. రాకుండా పోయిన వడ్డీని మాత్రం లెక్కలోకి తీసుకోదు. ఫలితం నిజమైన అంకెకు దగ్గరగానే ఉండడం వల్ల తప్పు అన్న అనుమానం రాదు. బ్యాంకు ఇచ్చిన సొమ్ము దీనికంటే రూ.1,127 ఎక్కువగా కనిపించి, అంతా బాగుందనుకుని ఆగిపోతారు. దగ్గరగా వచ్చిన అంకెతో తృప్తిపడితే బ్యాంకు పక్షాన నిజంగా జరిగిన పొరపాటు కూడా కంటికి కనిపించదు.

కోతను సేవింగ్స్ ఖాతా నుంచి తీసుకుంటే

ఈ పద్ధతిలో డిపాజిట్‌ను ఎవరూ ముట్టుకోరు కాబట్టి గడువు తీరినప్పుడు లేఖలో ఉన్న రూ.11,48,882 యథాతథంగా వస్తుంది. కోత మాత్రం మన సేవింగ్స్ ఖాతాలోంచి మూడు నెలలకోసారి పోతూ ఉంటుంది. వడ్డీ తగ్గకపోవడం వల్ల కోత కూడా కొంచెం ఎక్కువ: మొదటి ఏడు త్రైమాసికాల వడ్డీ రూ.1,29,122, దాని మీద కోత రూ.12,912. లేఖ మొత్తంలోంచి దీన్ని తీసేస్తే నికరంగా రూ.11,35,970 మిగులుతుంది. మొదటి పద్ధతి కంటే దాదాపు రూ.849 మెరుగు అనిపిస్తుంది గానీ, ఆ రూ.12,912 సేవింగ్స్ ఖాతాలో ఉంటే దాని మీద కూడా కొంత వడ్డీ వచ్చేది. కాబట్టి దీన్ని పూర్తి లాభంగా చూడకూడదు. సేవింగ్స్ ఖాతా వడ్డీ ఎఫ్‌డీ వడ్డీ కంటే బాగా తక్కువ గనుక మొగ్గు మాత్రం ఈ పద్ధతి వైపే.

మీ బ్యాంకు ఏ పద్ధతి పాటిస్తోందో తెలుసుకోవడానికి ఎవర్నీ అడగనక్కర్లేదు. సెప్టెంబరు నెలాఖరు దాటాక సేవింగ్స్ పాస్‌బుక్ ప్రింటు వేయించండి. టీడీఎస్ పేరిట ఖర్చు పద్దు ఉంటే రెండో పద్ధతి. అది లేకుండా, ఎఫ్‌డీ స్టేట్‌మెంట్‌లో నిల్వ రూ.10,17,500కు బదులు రూ.10,15,750 కనిపిస్తే మొదటి పద్ధతి. రెండుచోట్లా కోత లేకపోతే బ్యాంకు మీ వడ్డీ పరిమితి దాటే వరకు ఆగుతోందన్నమాట.

అలా ఆగే అలవాటున్న చోట మన లెక్క కొంచెం మారుతుంది. 2023 డిసెంబరు నాటికి వడ్డీ రూ.35,306 మాత్రమే, నలభై వేలు దాటలేదు. మార్చిలో దాటగానే ఆ ఏడాది మొత్తం వడ్డీ రూ.53,424 మీద రూ.5,342 ఒకేసారి కోస్తారు. అప్పుడు 2024 మార్చి 31 నాటి నిల్వ రూ.10,48,082, పట్టికలో ఉన్నదానికంటే రూ.84 ఎక్కువ. అయితే చాలా బ్యాంకుల సాఫ్ట్‌వేర్ ఆ ఏడాది మొత్తానికి రాబోయే వడ్డీని ముందే అంచనా వేసి, పరిమితి దాటుతుందని తేలితే మొదటి త్రైమాసికం నుంచే కోత మొదలుపెడుతుంది. బ్యాంకు అంకెకూ మన అంకెకూ రెండు వందల రూపాయల లోపు తేడా కనిపిస్తే ముందుగా ఇక్కడే వెతకాలి.

అంకె కలవనప్పుడు ఎక్కడ చూడాలి

ఉపాధ్యాయిని ఖాతాలో రూ.11,35,121కు బదులు రూ.11,33,169 పడిందనుకుందాం. తేడా రూ.1,952. ఇది చివరి త్రైమాసికపు వడ్డీ రూ.19,523లో సరిగ్గా పదో వంతు. అంటే 2025–26లో కూడా కోత వేశారు. ఎందుకు వేశారన్నదానికి రెండే కారణాలు ఉండాలి: అదే కస్టమర్ ఐడీ కింద ఇంకో డిపాజిట్ ఉండి అన్నింటి వడ్డీ కలిపి రూ.50,000 దాటాలి, లేదా గడువు తీరాక డిపాజిట్ తానుగా రెన్యువల్ అయి ఆ కొత్త డిపాజిట్ వడ్డీని కూడా బ్యాంకు అంచనాలో కలుపుకుని ఉండాలి. రెండోది చాలామంది ఊహించనిది. ఆటో రెన్యువల్ ఆదేశం ఇచ్చి ఉంటే గడువు తీరే నాటికే బ్యాంకు లెక్కలో ఆ ఏడాది వడ్డీ పరిమితిని మించి కనిపిస్తుంది.

తేడా ఇలా పదో వంతుగా విడిపోకుండా పెద్దదిగా ఉంటే పాన్ సంగతి చూడాలి. పాన్ రికార్డులో లేకపోయినా, ఆధార్‌తో అనుసంధానం కాక చెల్లకుండా పోయినా కోత రెట్టింపు అవుతుంది. అప్పుడు నిల్వ త్రైమాసికానికి 1.575కు బదులు 1.4 శాతమే పెరుగుతుంది.

సరిచూసుకోవడానికి ఆధారం 26ఏఎస్. ఆదాయపు పన్ను పోర్టల్‌లో దొరికే ఆ పత్రంలో బ్యాంకు పేరు కింద ఒక్కో త్రైమాసికానికి ఎంత వడ్డీ జమ చేసినట్టు చూపింది, ఎంత కోసింది అన్నవి వరుసగా ఉంటాయి. మన పట్టికలోని రెండో, మూడో నిలువు వరుసలను పక్కన పెట్టుకుని ఒక్కో పద్దును టిక్ పెట్టుకుంటూ వెళ్లాలి. ఏ త్రైమాసికం దగ్గర టిక్ ఆగిపోయిందో తప్పు అక్కడ మొదలైందన్నమాట. బ్యాంకు కోత వేసి 26ఏఎస్‌లో చూపకపోతే అది మరీ తీవ్రమైన సంగతి, ఎందుకంటే ఆ సొమ్ము మన పేరిట ప్రభుత్వానికి చేరినట్టు ఆధారం లేదు. అప్పుడు బ్యాంకును ఫారం 16ఏ అడగాలి. కోసిన పన్నుకు బ్యాంకు ఇచ్చే ధ్రువపత్రం అది.

రిటర్నులో చూపాల్సింది చేతికి వచ్చిన వడ్డీ కాదు, కోతకు ముందున్న వడ్డీ. 2024–25కు ఆవిడ చూపాల్సింది రూ.75,111. ఆవిడ 20 శాతం శ్లాబులో ఉంటే సెస్సుతో కలిపి దాని మీద పన్ను రూ.15,623. అందులో రూ.7,511 ఇప్పటికే కోత ద్వారా చేరింది, మిగిలిన రూ.8,112 ఆవిడే కట్టాలి. పన్ను పడేంత ఆదాయమే లేనివారికి కోత మొత్తం రిఫండుగా వస్తుంది. అటువంటివారు ఆ కాలంలో ఆర్థిక సంవత్సరం మొదట్లోనే 15జీ గానీ, 60 ఏళ్లు దాటితే 15హెచ్ గానీ ఇచ్చి ఉంటే కోతే ఉండేది కాదు, దానితో పాటు ఆ రూ.916 వడ్డీ కూడా నిలిచేది. ఆ ఫారాన్ని ప్రతి ఏడాదీ మళ్లీ ఇవ్వాలి. గడువు మొత్తానికి ఒకసారి ఇచ్చాం కదా అనుకుని రెండో ఏడాది వదిలేయడం వల్ల మధ్యలో కోత మొదలైన డిపాజిట్లు చాలా ఉంటాయి.

రోజుల్లో గడువు ఉంటే

లేఖలో 400 రోజులు, 444 రోజులు అన్న గడువులు ఈమధ్య తరచూ కనిపిస్తున్నాయి. వాటికి పద్ధతి సులువే: పూర్తయిన త్రైమాసికాలకు చక్రవడ్డీ, మిగిలిన రోజులకు ఏడాదిని 365 రోజులుగా తీసుకుని బారువడ్డీ. లక్ష రూపాయలు 7 శాతానికి 400 రోజులంటే, నాలుగు త్రైమాసికాల తర్వాత నిల్వ రూ.1,07,185.90. దాని మీద మిగిలిన 35 రోజుల వడ్డీ రూ.719.47. మొత్తం రూ.1,07,905.37. 1.0175 మీద ఘాతంగా రోజుల భిన్నాన్ని పెట్టి లెక్కగట్టినవారికి రూ.1,07,901.53 వస్తుంది. నాలుగు రూపాయల లోపు తేడాకు బ్యాంకు తప్పు చేసిందనుకోకండి, పద్ధతి వేరు. మొదటి ఏడాదిలో ఫిబ్రవరి 29 వస్తే నాలుగు త్రైమాసికాలకు 366 రోజులు పడతాయి, మిగిలేది 34 రోజులే అవుతుంది. దాన్ని క్యాలెండరులో వేళ్లతో లెక్కబెట్టుకోవడమే మేలు.

వచ్చే పాఠం లోపు చేయవలసినది

రూ.6,00,000, ఏడాదికి 7.2 శాతం, 18 నెలలు, 2024 అక్టోబరు 1 నుంచి 2026 ఏప్రిల్ 1 వరకు. వడ్డీ త్రైమాసికానికోసారి అసలుకు కలుస్తుంది. డిపాజిట్‌దారుకు 45 ఏళ్లు, పాన్ ఉంది, కోతను డిపాజిట్‌లోంచే తీస్తారు. మొదట లేఖలో ఉండాల్సిన మొత్తం కట్టండి. తర్వాత ఈ ఒక్క డిపాజిట్ మాత్రమే ఉన్నప్పుడు ఏ ఆర్థిక సంవత్సరంలో కోత పడుతుందో చూడండి. చివరగా అదే బ్యాంకులో ఇంకో డిపాజిట్ మీద ఏడాదికి రూ.12,000 వడ్డీ వస్తూ ఉంటే ఏం మారుతుందో లెక్కగట్టండి.

లేఖలో రూ.6,67,787 ఉండాలి. మొదటి సందర్భంలో 2024–25 వడ్డీ రూ.21,794, 2025–26 వడ్డీ రూ.45,993, రెండూ ఆయా ఏళ్ల పరిమితుల లోపే, కాబట్టి లేఖ మొత్తమే చేతికి వస్తుంది. పరిమితి రూ.40,000గానే ఉండి ఉంటే రెండో ఏడాది కోత పడేది. రెండో సందర్భంలో 2024–25లో పన్నెండు వేలూ కలిపినా రూ.33,794 మాత్రమే, కోత లేదు. 2025–26లో యాభై వేలు దాటుతుంది, నాలుగు త్రైమాసికాలూ 1.62 శాతంతోనే పెరుగుతాయి, ఈ డిపాజిట్ నుంచి చేతికి రూ.6,63,076 వస్తుంది. మీకు రూ.6,61,000కు దగ్గరగా వస్తే మొదటి రెండు త్రైమాసికాలకు కూడా కోత వేశారన్నమాట, ఆర్థిక సంవత్సరాల సరిహద్దును మళ్లీ గీసి చూడండి. నాలుగో పాఠంలో వడ్డీని నెలనెలా చేతికిచ్చే డిపాజిట్లలో బ్యాంకు ఆ నెలసరి మొత్తాన్ని ఎందుకు కొంచెం తగ్గించి ఇస్తుందో లెక్కగడదాం.